వరద నీటిలో ట్రంప్: ఆ ఫోటో తీసిందెవరు?

2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని దాటింది. జార్జియా మీదుగా ఉత్తర కరోలినా కొండల వరకు వెళ్లి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దుఃఖం చల్లారకముందే ఫేస్‌బుక్‌లో ఒక చిత్రం చేతులు మారడం మొదలైంది. డొనాల్డ్ ట్రంప్ లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంకొక వ్యక్తితో కలిసి వరద నీటిలో నడుస్తున్నట్టు అందులో ఉంది. ఈ ఫోటో ఉండటం ఫేస్‌బుక్‌కు ఇష్టం లేదని, పెట్టిన ప్రతిసారీ తీసేస్తున్నారని దానికి ఒక వ్యాఖ్య కూడా తగిలించారు.

ముందుగా ఆ వ్యాఖ్యనే గమనించండి. ఫోటో ఏ ఊరిదో, ఏ రోజుదో, ఎవరు తీశారో అందులో ఒక్క మాట లేదు. దాచేస్తున్నారు కాబట్టి త్వరగా పంచుకోండి అన్న తొందర మాత్రం ఉంది. నిజం ఫోటోకు చిరునామా ఉంటుంది. చిరునామా లేని ఫోటోకు ఇలాంటి తొందర కావాలి.

ఫ్యాక్ట్‌చెక్ చేసేవారు సాధారణంగా మొదట ఆ చిత్రాన్నే గూగుల్ లెన్స్ వంటి వాటిలో పెట్టి, ఇంతకుముందు ఎక్కడ కనిపించిందో వెదకుతారు. ఈ చిత్రానికి వార్తాసంస్థల దగ్గర మూలం లేదు. దొరికేవన్నీ సోషల్ మీడియా పోస్టులే. ఇదే పెద్ద ఆధారం. మాజీ అధ్యక్షుడు, అందులోనూ ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి ఎక్కడికి వెళ్లినా భద్రతా సిబ్బందీ విలేఖరులూ వెంట ఉంటారు. ఆయన నిజంగా నీటిలో దిగి ఉంటే ఆ దృశ్యం పది కెమెరాల్లో పది వైపుల నుండి పడి ఉండేది. ఒకే కోణం నుండి, ఒకే ఫోటో, అదీ తీసినవారి పేరు లేకుండా మిగలదు.

తరువాతి ప్రశ్న, ఆ రోజుల్లో ఆయన ఎక్కడున్నారు? సెప్టెంబరు 30న ట్రంప్ జార్జియాలోని వాల్డోస్టాకు నిజంగానే వెళ్లారు. మనకు తెలిసిన ఫ్రాంక్లిన్ గ్రాహం కూడా అక్కడ ఆయనతో ఉన్నారు. అబద్ధానికి బలం ఇచ్చింది ఈ నిజమే. “వెళ్లారు కదా, ఇంకేం కావాలి?” అన్నారు చాలామంది. అయితే వాల్డోస్టాను దెబ్బతీసింది ప్రధానంగా గాలి. ఆ రోజు విలేఖరులు తీసిన చిత్రాల్లో కూలిన దుకాణం, ఇటుకల కుప్ప ఉన్నాయి గాని, మనుషులు నీటిలో నడవడం లేదు. పర్యటన నిజం, చిత్రం కాదు.

చివరగా చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే చేతి వేళ్లు లెక్కకు సరిపోలేదు. కృత్రిమ మేధతో తయారైన బొమ్మల్లో అప్పట్లో తరచుగా కనిపించిన లోపం ఇది. కాని దీనినే ప్రధాన సాక్ష్యంగా పట్టుకోవద్దు. ఈ పరికరాలు ఏడాదికేడాది మెరుగవుతున్నాయి. రేపటి బొమ్మలో వేళ్లు ఐదూ సరిగానే ఉండవచ్చు. ఎవరు తీశారు, ఆ రోజు ఆ వ్యక్తి ఎక్కడున్నారు అన్న ప్రశ్నలు మాత్రం పాతబడవు.

ఇది ఒక పార్టీ వారికే అంటిన జబ్బు కాదు. 2017లో హార్వీ తుఫాను టెక్సస్‌ను ముంచినప్పుడు, బరాక్ ఒబామా అక్కడి బాధితులకు భోజనం వడ్డిస్తున్నారంటూ ఒక ఫోటో తిరిగింది. ట్రంప్ ఇలాంటి పని చేయరన్న ఎత్తిపొడుపు కూడా దానితో ఉంది. ఆ ఫోటోలో కల్పన ఏమీ లేదు. ఒబామా నిజంగానే వడ్డించారు. కాని అది 2015 నవంబరులో, కృతజ్ఞతా పండుగకు ముందురోజు, వాషింగ్టన్‌లో నిరాశ్రయుల కేంద్రంలో తీసినది. ఇక్కడ వేళ్లు లెక్కపెట్టి లాభం లేదు. పాత ఫోటో కాబట్టి ఇమేజ్ సెర్చ్ దాని అసలు తేదీని చూపించింది. మొదటి కేసులో మూలం దొరకకపోవడం సాక్ష్యమైతే, రెండో కేసులో మూలం దొరకడమే సాక్ష్యం.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మూలం లేదు కాబట్టి అబద్ధం అనే మాట, కెమెరాలు వెంటాడే పెద్ద నాయకుల విషయంలోనే గట్టిగా నిలుస్తుంది. పల్లెలో ఒక సేవకుడు వరదలో ఎవరినో మోసుకువచ్చిన ఫోటోకు వార్తాసంస్థ మూలం లేకపోవచ్చు. అది నిజమే కావచ్చు కూడా. అప్పుడు ఆ ఊరివారిని అడిగి తెలుసుకోవడం తప్ప వేరే దారి లేదు.

అమెరికాలో బిడ్డలున్న కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. అక్కడి తుఫాను ఫోటో గంటలో మన వాట్సాప్ గ్రూపులకు చేరుతుంది. అటువంటిది వచ్చినప్పుడు పంపినవారిని “ఇది ఎవరు తీశారు?” అని మర్యాదగా అడగండి. ఫోటో తప్పని తేలితే ఆ మాట వేరేచోట కాదు, అదే గ్రూపులో చెప్పండి. ఆయన ఆ రోజు నిజంగా ఎక్కడున్నారో కూడా కలిపి చెప్పండి. ఆ ఫోటో చూసినవారు అక్కడే ఉన్నారు, సరైన సంగతి చేరవలసింది కూడా వారికే.