"నెట్ స్లో" అని రాస్తే పని జరగదు

సాయంత్రం ఏడున్నర దాటితే మా ఆదోనిలో యూట్యూబ్ హాయిగా ఆడుతుంది. పాప పాఠాల సైటు మాత్రం తెరుచుకోదు. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతుంది. పదిన్నర తర్వాత దానంతటదే బాగవుతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటే మాట: "స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది కదా మేడమ్, రౌటర్ ఒకసారి ఆపి వేయండి."

ఈ జవాబు ఒప్పుకోకూడదని నేనంటాను. స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గర్లోని సర్వర్ వరకే కొలుస్తుంది. యూట్యూబ్ లాంటి పెద్దవాళ్లు తమ వీడియోల నకళ్లను చాలా ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే ఉంచుతారు, కాబట్టి అవి దూరం నుంచి రానక్కర్లేదు. మిగతా సైట్లు మాత్రం మన కంపెనీ బయట కొనుక్కున్న దారిలో రావాలి. సాయంత్రం అందరూ ఒకేసారి కూర్చుంటే ఆ దారి నిండిపోతుంది. ఇలాంటి చోట అనుమానించాల్సింది ముందు దాన్నే, మనింటి రౌటర్‌ని కాదు.

అయితే అనుమానం చాలదు, రుజువు కావాలి. సైటు తెరుచుకోనప్పుడే అదే ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూశాను, వెంటనే వచ్చింది. అంటే సైటూ బాగుంది, ల్యాప్‌టాపూ బాగుంది. ఎమ్మిగనూరులో మా అక్క వాళ్లదీ ఇదే కంపెనీ. ఆమెనూ అదే సమయానికి చూడమన్నాను, అక్కడా రాలేదు. రెండూళ్లలో రెండు రౌటర్లు ఒకే గంటకి చెడిపోవు కదా! తర్వాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో, సైటు పేరు మార్చుకుని, ఇది కొట్టాను:

```
tracert -d example.com
```

దారిలో మజిలీలు వరుసగా కనిపిస్తాయి. మధ్యలో ఒకచోట చుక్కగుర్తులు వస్తే తప్పేమీ లేదు, కొన్ని మజిలీలు జవాబివ్వవు. పొద్దున చివరిదాకా వెళ్లింది, రాత్రి ఒకచోటి నుంచి చివరిదాకా చుక్కలే అయితే, ఆ రెండు ఫొటోలే మన సాక్ష్యం.

ఉత్తరంలో ఇలా రాశాను:

"అయ్యా, వరుసగా ఐదు రోజులు రాత్రి 7.30 నుంచి 10.30 వరకు ఈ సైటు తెరుచుకోలేదు. అదే సమయంలో యూట్యూబ్ వచ్చింది. మొబైల్ డేటాలో ఇదే సైటు వచ్చింది. ఎమ్మిగనూరులోని మీ కనెక్షన్‌లోనూ రాలేదు. ఉదయం, రాత్రి తీసిన ట్రేస్‌లు జతచేశాను. రౌటర్ రీస్టార్ట్ చేసి చూశాను. దయచేసి దీన్ని నెట్‌వర్క్ విభాగానికి పంపి, సాయంత్రం దారి పరిశీలించి, కారణం రాతపూర్వకంగా తెలపండి."

ఫిర్యాదు ఇచ్చాక డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. గడువులోగా పరిష్కారం కాకపోతే, ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. ఆ నంబరు లేకపోతే మనం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఫిర్యాదే చేయనట్టు లెక్క.