గ్రూపు ఊరిదా, అడ్మిన్ సెల్లుదా?

వాలంటీర్లు పెట్టిన వాట్సాప్ గ్రూపులు తీసీయించండి అని 2024 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం సచివాలయం సిబ్బందికి సెప్పింది. ఆ కబురు ఇన్నప్పుడు నాకొచ్చిన అనుమానం ఒక్కటే. అసలా గ్రూపు ఎవరిది?

2019 నుంచి మన సిక్కోలు, ఇజీనగరం ఊర్లలో వాలంటీరుకి 50 ఇళ్ల లెక్క ఉండీది. పింఛను, ఈకేవైసీ, రేషను, ఏ కబురైనా ఆ గ్రూపులోనే వచ్చీది. 2024 ఎన్నికల ముందు చాలామంది వాలంటీర్లు రాజీనామా సేసీసినారు. మనిషి పోనాడు గాని, 50 ఇళ్ల నంబర్లున్న గ్రూపు ఆడి సెల్లులోనే ఉండిపోనాది. అది పార్టీలకి ఎంత పనికొస్తాదో నాను సెప్పక్కర్లేదు.

ఇక్కడ వాట్సాప్ రూలు తెలుసుకోవాల. గ్రూపు పెట్టినోడిని మిగతా అడ్మిన్లు తీయలేరు. ఆడంతట ఆడు బయటికెళ్తే తప్ప అడ్మిన్‌గానే ఉంటాడు. ఉన్న ఒక్క అడ్మినూ ఎలిపోతే, సభ్యుల్లో ఎవరో ఒకరిని వాట్సాపే అడ్మిన్ సేసీస్తాది. ఆ మనిషి గుజరాత్‌లో ఏటలో ఉన్న మత్స్యకారుడు కావచ్చు, సదువు రాని ముసలమ్మ కావచ్చు. ఊరోల్లని ఎవులూ అడగరు.

మరి సభ్యుడి సేతిలో ఏటుంది? బయటికెళ్లడం. 2022 నుంచి ఎలిపోయిన కబురు అడ్మిన్లకే ఎల్తాది. కానీ ఎలిపోతే తుపాను కబురు కూడా పోద్ది. అందుకే జనం సణుక్కుంటూ ఉండిపోతారు.

ఇంకో రోగం, ‘అడ్మిన్లే రాయాల’ అని తాళం ఏసీయడం. అడిగితే, ఎవడో ఏదో పెడితే కేసు నా మీద పడతాదంటారు. సభ్యుడు పెట్టిన పోస్టుకి, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో నేరం అంటగట్టడం కుదరదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో సెప్పింది, కేరళ హైకోర్టు 2022లో అదే మాటంది. ఆడితో కుమ్మక్కైతే అది వేరే సంగతి. తాళం ఏసిన గ్రూపులో, గెడ్డ పొంగింది పిల్లల్ని ఇటు పంపకండి అని దిగువ వీధోడు సెప్పనేడు.

నన్నడిగితే, పాత గ్రూపుని బాగుసేయడం దండగ. కొత్తది పెట్టండి. పెట్టినోడిని తీయలేం కాబట్టి, పెట్టే సెల్లు సర్పంచిదీ కాకూడదు, ఏ పార్టీ కార్యకర్తదీ కాకూడదు. సర్పంచి అయిదేళ్లకి మారతాడు, కార్యదర్శికి బదిలీ అవుతాది. పదవి నేని మనిషి, ఊర్లోనే ఉండే మనిషి పెట్టాల. డ్వాక్రా సంఘం నుంచి ఒకరు, ఎస్సీ వీధి నుంచి ఒకరు, వలసెళ్లిన కుర్రోల్లలో ఒకరు అడ్మిన్లుగా ఉండాల. ఆ మూడోవోడు ఎందుకంటారా? 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక కరెంటు పోనాది, సెల్లులు సచ్చిపోనాయి. అలాటప్పుడు బయట ఊర్లో ఉన్నోడి సెల్లే బతికుంటాది.

ఒకరిని గ్రూపులోంచి తీసే ముందు కారణం అందరికీ కనబడేలా రాయాల. అది వాట్సాప్ పెట్టిన రూలు కాదు, ఊరు పెట్టుకోవాల్సింది. గ్రూపు వివరణలో రాసీయండి. దాన్ని ఎవులు మార్చగలరో పర్మిషన్లలో సూసి, అడ్మిన్లకే ఉంచండి.