పదహారు నెలల తర్వాత: సారీ కాదు, లెక్క చెప్తా

ఈ సైట్‌లో నా చివరి రివ్యూ 2024 ఆగస్టులో వచ్చింది. ఇప్పుడు 2025 డిసెంబర్. మధ్యలో ఏమైందో ముందే చెప్పేస్తా. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. పెదనందిపాడు దగ్గర మాకు రెండున్నర ఎకరాల మిర్చి, ఎకరంన్నర పత్తి ఉంది. నారు దగ్గర్నుంచి కోత దాకా చూసుకునే మనిషి కావాలి, ఇంట్లో నేనే ఉన్నా. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం ప్రకటించిన సీజన్ అది. ధర కోసం సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం, ఆగాం, మళ్లీ పత్తి పని మొదలైంది. నాన్న ఇప్పుడు నడుస్తున్నారు. కాబట్టి నేను తిరిగొచ్చా.

నా గురించి ఇంతే. మిగతా పోస్ట్ అంతా మీకు పనికొచ్చే సంగతి.

"సారీ గయ్స్" వీడియోలతో నా పేచీ

గ్యాప్ తీసుకుని తిరిగొచ్చే క్రియేటర్ల వీడియోలు మీరు చాలా చూసుంటారు. పది నిమిషాల వీడియోలో ఎనిమిది నిమిషాలు క్షమాపణే. చివర్లో "ఇక నుంచి రోజుకో వీడియో" అని మాట. మూడు వారాల తర్వాత మళ్లీ కనపడరు, ఆ తర్వాత ఇంకో సారీ వీడియో.

అలా చేసేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ అంత క్షమాపణ అడిగితే చూసేవాడు ఏం చెయ్యాలి? "పర్లేదు బ్రో, హెల్త్ జాగ్రత్త" అని ఓదార్చాలి. ఫోన్ కొనడానికి వచ్చినవాడికి ఓదార్చే డ్యూటీ పడుతుంది. అతనికి కావాల్సిన అసలు ప్రశ్నకి మాత్రం జవాబు రాదు: "నువ్వు లేనప్పుడు నేను చదివిన నీ పాత రివ్యూ ఇంకా పనికొస్తుందా?"

వెళ్లేటప్పుడు శుభ్రంగా చెప్పినవాళ్లు ఉన్నారు. టామ్ స్కాట్ పదేళ్లపాటు వారం తప్పకుండా వీడియోలు పెట్టి, 2024 జనవరి 1న ఇక ఆపుతున్నానని ఒకే వీడియోలో చెప్పేశాడు. ఆనంద్‌టెక్ 27 ఏళ్లు నడిచి 2024 ఆగస్టు 30న మూతపడుతున్నట్టు ప్రకటించింది. ఆ రెండు చోట్లా పాఠకుడికి ఎక్కడ నిలబడ్డాడో తెలిసింది. ఆపేవాళ్లు అంత స్పష్టంగా చెప్పగలిగితే, తిరిగొచ్చేవాళ్లు కూడా చెప్పొచ్చు.

మా గుంటూరు మిర్చి యార్డులో ఒక పద్ధతి ఉంది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన కాయని "ఏసీ సరుకు" అంటారు. కల్లం నుంచి నేరుగా వచ్చిన కొత్త కాయ వేరు. ఏసీ సరుకు తెచ్చిన రైతు ఎవరికీ సారీ చెప్పడు. కానీ ఏసీ అని చెప్తాడు. కొనేవాడు టిక్కీలో చెయ్యిపెట్టి రంగు చూసి దానికి తగ్గ ధర పెడతాడు. నా పాత రివ్యూలు ఇప్పుడు ఏసీ సరుకు. నేను చెయ్యాల్సింది ఆ ముద్ర వెయ్యడమే.

పేజీకి సెలవు ఉండదు

రాసేవాడు ఆగినా పేజీ ఆగదు. నేను పొలంలో ఉన్న పదహారు నెలలూ నా రివ్యూలు సెర్చ్‌లో వస్తూనే ఉన్నాయి. వాటిలో ఉన్న కొనుగోలు లింకుల మీద కొద్దో గొప్పో కమిషన్ కూడా వచ్చింది. ఇది మీకు తెలియాలి కాబట్టి చెప్తున్నా. గ్యాప్‌కి ముందు రివ్యూ కోసం తీసుకున్న ఫోన్లన్నీ అప్పుడే వెనక్కి వెళ్లిపోయాయి, ఒక్కటీ నా దగ్గర లేదు.

అంటే నేను లేకపోయినా నా మాట మీద జనం డబ్బు పెడుతున్నారు. పేజీ పైన తేదీ ఉంటుంది, నిజమే. కానీ ఫోన్ కొనే తొందరలో ఉన్నవాడు తేదీ చూడడు, చివర్లో ఉన్న "కొనొచ్చా?" అన్న పేరా చూస్తాడు. కాబట్టి రివ్యూలో ఏ వాక్యం చచ్చిపోయింది, ఏది బతికుందో తేల్చాలి. ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక రివ్యూని విప్పి చూస్తే

శామ్‌సంగ్ గెలాక్సీ ఎం35 తీసుకోండి. 2024 జులైలో మన దగ్గర లాంచ్ అయింది. 19,999 నుంచి మొదలు. 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, బాక్సులో చార్జర్ లేదు, ఆండ్రాయిడ్ 14. నాలుగు ఓఎస్ అప్‌డేట్లు, ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాట.

ముందు చచ్చిపోయేది ధర. 19,999 దగ్గర "కొనొచ్చు" అన్న తీర్పు ఆ రోజు మార్కెట్‌లో ఉన్న మిగతా ఫోన్లతో పోల్చి చెప్పింది. ఈ రోజు ధర వేరు, పక్కనున్న ఫోన్లు వేరు. కాబట్టి తీర్పు పేరా మొత్తం కొట్టేయాలి, సరిదిద్దితే సరిపోదు.

రెండోది అప్‌డేట్ల లెక్క, చాలామంది పడేది ఇక్కడే. "ఐదేళ్లు" అనేది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఫోన్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి. 2024 జులైకి ఐదేళ్లు కలిపితే 2029 జులై. ఈ నెలలో సీల్డ్ బాక్స్ కొన్నా మీకు మిగిలేది మూడున్నరేళ్ల పైచిలుకే. ఓఎస్ కూడా అంతే: 14తో వచ్చి నాలుగు అంటే ఆండ్రాయిడ్ 18 దగ్గర ఆగుతుంది. అందులో కొంత ఇప్పటికే ఖర్చయింది. రివ్యూలో "ఐదేళ్లు" అన్న మాట అప్పుడు నిజం, ఇప్పుడు చదివినవాడికి కాదు. దాని బదులు "2029 జులై వరకు" అని రాస్తే ఎప్పుడు చదివినా నిజమే. ఇక నుంచి నా రివ్యూల్లో సంవత్సరాల సంఖ్య ఉండదు, ముగింపు నెల ఉంటుంది.

మూడోది బ్యాటరీ, కెమెరా, గేమింగ్ ఫలితాలు. ఇవి పూర్తిగా చావవు, సగం బతికుంటాయి. ఫలానా సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద, కొత్త బ్యాటరీతో చేసిన టెస్టులు అవి. పెద్ద అప్‌డేట్ వస్తే కెమెరా ప్రాసెసింగ్ మారొచ్చు, స్టాండ్‌బై మారొచ్చు. కాబట్టి ప్రతి టెస్ట్ పక్కన సాఫ్ట్‌వేర్ వెర్షన్ పెట్టాలి.

మారనివి కూడా ఉన్నాయి. బరువు, స్క్రీన్ సైజు, బాక్సులో చార్జర్ లేకపోవడం, ఫింగర్‌ప్రింట్ సెన్సర్ పక్కన ఉండడం. పదహారు నెలల తర్వాత కూడా ఆ వాక్యాలు అలాగే నిలబడతాయి.

పొలం నేర్పిన టెస్ట్

ఈ కాలమంతా నేను వాడింది ఇరవై వేల లోపు ఫోన్ ఒక్కటే. పేరు అనవసరం, ఆ రేటులో ఏ ఫోన్ అయినా దాదాపు ఇదే చేస్తుంది. ఏడు రోజుల రివ్యూలో నాకు ఎప్పుడూ దొరకనివి రెండు దొరికాయి.

మొదటిది ఎండలో చార్జింగ్. లిథియం అయాన్ బ్యాటరీ సెల్ వేడి 45 డిగ్రీల దాకా వెళ్తే ఫోన్ తనంతట తనే చార్జింగ్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. మార్చిలో కల్లం దగ్గర, పట్టా కింద పవర్ బ్యాంక్ పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఇంట్లో గంటన్నరలో నిండే ఫోన్ అక్కడ రెండున్నర గంటలు తీసుకుంది. చార్జర్ పాడైందని కొత్తది కొనకండి. గుర్తు పట్టడం తేలిక: స్క్రీన్ మీద చూపించే మిగతా టైమ్ తగ్గకుండా పెరుగుతుంది, బ్రైట్‌నెస్ దానంతటదే పడిపోతుంది. కేస్ తీసి, హాట్‌స్పాట్ ఆపి, నీడలో గాలి తగిలే చోట పెడితే చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ చేరుతుంది.

రెండోది ఫింగర్‌ప్రింట్. తాలు కాయ ఏరిన చేత్తో సెన్సర్ ముట్టుకుంటే కారపు పొడి, నూనె కలిసి ఒక పొర కడుతుంది. నాలుగో ప్రయత్నానికి కూడా తెరుచుకోదు. నూనె కాబట్టి ఉత్తి తడిబట్టకి పోదు, కొంచెం సబ్బు నీళ్లు తడిపిన బట్టతో తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టాలి. ఇక ఆ ఫోన్ పట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకండి, అది ఏ స్పెక్ షీట్‌లోనూ రాయరు!

ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ ఈ సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, స్లాట్ బుకింగ్. ఎండలో నిలబడి ఓటీపీ కొట్టాల్సిన ఫోన్ చార్జ్ ఎక్కకపోయినా, తెరుచుకోకపోయినా పోయేది గేమ్‌లో ర్యాంక్ కాదు, పత్తి అమ్ముకునే రోజు. కాబట్టి ఇకపై నా ప్రతి రివ్యూలో ఎండలో ఒక గంట చార్జింగ్ ఫలితం విడిగా ఉంటుంది.

ఇప్పుడేం చేస్తున్నా

పాత రివ్యూలు తీసెయ్యను. ఒక్కొక్కదాని పైన మూడు లైన్లు పెడుతున్నా: ఏ నెలలో టెస్ట్ చేశా, అప్‌డేట్లు ఏ నెలతో ఆగుతాయి, తీర్పు ఇంకా చెల్లుతుందా లేదా. చెల్లని చోట కొనుగోలు లింక్ తీసేస్తున్నా. ఇప్పటికి సగం పూర్తయింది. ముద్ర పడని పేజీ కనిపిస్తే అందులో తీర్పు పేరా వదిలేసి, మారని స్పెక్స్ మాత్రం నమ్మండి.

వారానికి ఇన్ని రివ్యూలని మాటివ్వను. జనవరి నుంచి మార్చి దాకా మాకు మిర్చి కోతలు, ఆ మూడు నెలలు నెలకి ఒక్కటే వస్తుంది. ఏప్రిల్ నుంచి నెలకి మూడు. వచ్చే ఏడాది కూడా ఇదే వరస, కాబట్టి జనవరిలో నేను కనపడకపోతే ఎక్కడున్నానో మీకు తెలుసు.

మొదటి కొత్త రివ్యూ ఈ నెలాఖరుకి. పదిహేను వేల లోపు ఫోన్, ఎండలో చార్జింగ్ టెస్ట్‌తో. డిసెంబర్ ఎండ మార్చి ఎండ కాదు కాబట్టి, ఏప్రిల్‌లో అదే ఫోన్‌ని మళ్లీ టెస్ట్ చేసి అదే పేజీలో రెండో ఫలితం పెడతా.