పాచికి విరుగుడు గుప్పెడు బ్లీచింగ్ కాదు



ఓవర్‌హెడ్ ట్యాంకులో పాచి పడితే గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చల్లమని గత వారం మీ చిట్కాల శీర్షికలో రాశారు. ఎవరి గుప్పెడో చెప్పలేదు! అసలు పాచి పెరిగేది వెలుతురు వల్ల. మా మేడ మీది పాత తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు మూత కాస్త ఎత్తి లోపలికి చూస్తే గోడలు మసకగా వెలుగుతాయి. ఆ వెలుగు చాలు పాచికి. బయట ముదురు రంగు వేసి, పగిలిన మూత మార్చాకే అది ఆగింది.

వేసిన క్లోరిన్‌ను ముందు పాచి, అడుగు మడ్డి తినేస్తాయి. అవుట్‌లెట్ పైపు అడుగుకు కాస్త ఎత్తున ఉంటుంది కనుక మడ్డి దానంతటది పోదు. ట్యాంకు ఖాళీ చేసి, బ్రష్‌తో రుద్ది ఎత్తిపోయాల్సిందే. ఆ తర్వాత వెయ్యి లీటర్లకు 150 గ్రాముల తాజా పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, తేరుకున్న నీటినే నిండు ట్యాంకులో పోయాలి. కుళాయిల్లో వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి పారబోయాలి. ఆ నీళ్లు తాగకూడదు.

మున్సిపల్ నీళ్లున్నవారికి ఒక పరీక్ష: ఓటీ చుక్కలు వేస్తే వీధి కుళాయి నీళ్లు పసుపు రంగుకు తిరిగి, ట్యాంకు నీళ్లు తిరగకపోతే లోపం ట్యాంకుదే. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. దయచేసి ఆ చిట్కాకు సవరణ వేయండి.

— ఒక పాఠకుడు, తెనాలి