ఈయన లక్ష్మణుడా, బలరాముడా?

ఈ సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ నాకో టికెట్ అసైన్ చేసింది. పోయినేడాది అమ్మమ్మ పోయాక, ఆవిడ బొమ్మల పెట్టె మా ఇంటికొచ్చింది. అన్నీ కొండపల్లి బొమ్మలే. ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండాలో అమ్మమ్మకి కంఠతా వచ్చు, కానీ ఎక్కడా రాసిపెట్టలేదు. అంటే కోడ్ ఉంది, డాక్యుమెంటేషన్ లేదు. "ఇంజనీరువి కదరా, నువ్వే సర్దు" అంది అమ్మ.

ముందు దశావతారాలు తీశా. సగం వరకు ఈజీనే. చేప, తాబేలు, పంది ముఖం, సింహం ముఖం ఎవరికైనా తెలుస్తాయి. కిరీటం లేకుండా గొడుగు, కమండలంతో ఉన్న పిల్లాడు వామనుడు. తెల్ల గుర్రం మీద కత్తితో ఉన్నది కల్కి. చిక్కంతా మధ్యలో ఉన్న రాముళ్లతోనే. ముగ్గురి పేరూ రాముడే మరి! జడలు కట్టిన జుట్టు, గడ్డం, చేతిలో గొడ్డలి ఉంటే పరశురాముడు. నీలం ఒళ్లు, పొడుగు కిరీటం, విల్లు ఉంటే అయోధ్య రాముడు. తెల్లటి ఒళ్లు, నీలం పంచె, నాగలి ఉంటే బలరాముడు. తమ్ముడు కృష్ణుడికి సరిగ్గా రివర్స్: ఒళ్లు నీలం, పంచె పసుపు. అన్నదమ్ములిద్దరూ రంగులు మార్చుకున్నట్టు ఉంటారు. కొన్ని సెట్లలో బలరాముడు ఉండడు, ఆ చోట బుద్ధుడు ఉంటాడు. మా పెట్టెలో బుద్ధుడు లేడు, బలరాముడూ లేడు. లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయి.

తర్వాత సీతారాముల సెట్ విప్పా. రాముడు, సీత, హనుమంతుడు, పక్కన లక్ష్మణుడు. ఆ లక్ష్మణుడి చేతిలో ఏమీ లేదు, పిడికిలికి చిన్న కన్నం మాత్రం ఉంది. నీలం పంచె కట్టుకున్నాడు. నాకు డౌటొచ్చింది.

"అమ్మా, ఈయన బలరాముడేమో?"

"నోర్మూసుకో. నా చిన్నప్పట్నుంచీ ఆయన లక్ష్మణుడే."

ఒళ్లు చూద్దామంటే పసుపు పచ్చగా ఉంది. లక్ష్మణుడిది బంగారు ఛాయ కాబట్టి అమ్మ మాటే కరెక్టనిపిస్తుంది. కానీ పాత బొమ్మల్లో తెలుపుని నమ్మకూడదు. పొగ, దుమ్ము పట్టి ఏళ్ల మీద పసుపెక్కిపోతుంది. అందుకని గాలి తగలని చోటు వెతికి, ఫోన్ టార్చ్ వేసి చంక కింద చూశా. అక్కడ తెల్లగా ఉంది. (తడిగుడ్డతో తుడిచి చూద్దామని మాత్రం అనుకోకండి. పాత కొండపల్లి బొమ్మల రంగు నీళ్లకి వచ్చేస్తుంది. పొడి బ్రష్ చాలు.)

రెండోది కిరీటం. మామూలుగా ఒక సెట్లో పెద్ద కిరీటం అసలు దేవుడిది, పక్కవాళ్లది కాస్త పొట్టి. ఈయన కిరీటం పక్కనున్న రాముడి కంటే పొడుగు! దశావతారాల వరసలో కృష్ణుడి పక్కన పెడితే సరిగ్గా సమానంగా వచ్చింది. పీట రంగు కూడా కలిసింది.

మూడోది చెయ్యి. విల్లు పట్టుకునే బొమ్మకి చెయ్యి పక్కకి చాచి ఉంటుంది. ఈయన చెయ్యి మడిచి, పిడికిలి భుజం దగ్గర ఉంది. భుజం మీద ఒక గీతలా రంగు చెరిగిపోయింది. అది నాగలి ఆనిన చోటే.

బగ్ దొరికిందని గర్వంగా పిన్నికి వీడియో కాల్ చేశా. పిన్ని బొమ్మని చూసి నవ్వింది. "అసలు లక్ష్మణుణ్ణి పగలగొట్టింది మీ అమ్మేరా. ఐదేళ్లుంటాయేమో. ఏడుస్తోందని అమ్మ నాగలి పీకేసి బలరాముణ్ణి తెచ్చి అక్కడ పెట్టింది. లక్ష్మణుడు తిరిగొచ్చాడే అని చెప్పింది."

అమ్మ ఏమీ మాట్లాడలేదు. బొమ్మ నా చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా ప్లాన్ ఏంటంటే ఐస్‌క్రీమ్ పుల్లతో నాగలి చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం. కొండపల్లి వాళ్లు చేతులూ కాళ్లూ అతికించేది దాంతోనే. కానీ ఒకసారి అతికిస్తే ఇంక ఆయన లక్ష్మణుడు కాలేడు. రాత్రంతా ఆలోచించి, మక్కు పక్కన పెట్టేశా. నాగలితో పాటు ఒక చిన్న వెదురు విల్లు కూడా చేశా. రెండూ పిడికిలి కన్నంలో పట్టేలా, ఊడొచ్చేలా.

భోగి రోజు, సంక్రాంతి రోజు విల్లు పట్టుకుని రాముడి పక్కనే ఉన్నాడు. కనుమ పొద్దున్న లేచి చూస్తే, నాకంటే ముందే ఎవరో ఆయన్ని పై మెట్టు ఎక్కించి, కృష్ణుడి పక్కన నిలబెట్టి, చేతిలో నాగలి పెట్టేశారు.

అమ్మని అడిగితే, "పశువుల పండగ కదా, ఇవాళ ఆయనకి పొలం పనుంటుంది" అంది.