ఓడిన కథ చెప్పడం మనకెవరు నేర్పారు?

ఇంజనీరింగ్ క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కోడింగ్ పరీక్ష దాటాక ఒక రౌండ్ ఉంటుంది. దాన్ని ప్రాజెక్ట్ డీప్ డైవ్ అంటారు. మీరు చేసిన ప్రాజెక్టునే మీ ముందు పెట్టి నలభై ఐదు నిమిషాలు తవ్వుతారు. దీన్ని ఇలా ఎందుకు కట్టారు, ఎక్కడ విఫలమైంది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు అని అడుగుతారు. ఇందులో బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. కాబట్టి మొదటి తరం విద్యార్థికి ఇదే న్యాయమైన రౌండ్ అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లి ఓడిపోయాను. ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను కాబట్టి ఆ ఓటమి ఎలా జరిగిందో చెప్పాలి.

ఫైనల్ ఇయర్‌లో మేం నలుగురం మా హాస్టల్ మెస్ కోసం ఒక యాప్ చేశాం. రాత్రి భోజనం కావాల్సిన వాళ్లు సాయంత్రం ఆరు లోపల ఫోన్‌లో బటన్ నొక్కాలి. ఎన్ని ప్లేట్లు వండాలో వంట చేసే అక్కకు లెక్క వెళ్తుంది. ఫ్లాస్క్‌తో రాసిన ఒక సర్వర్, వెనక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, నొక్కిన వాళ్లకు ఒక ఎస్ఎంఎస్. హాస్టల్‌లో ఉన్నది 240 మంది. రెండో వారంలో ఒకరోజు అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. "బాబూ, ఉన్నది 240 మందే కదా, ఈ 247 ప్లేట్లు ఎవరికి?" అని అడిగింది. పేర్లు తీసి చూస్తే నిజంగా నొక్కింది 212 మంది. మిగతా 35 వరుసలు వాళ్ల పేర్లే మళ్లీ పడినవి. అదే సాయంత్రం ఇంకొందరికి తెరమీద `database is locked` అని వచ్చింది.

మేం ఏం చేశామంటే, చేత్తో డూప్లికేట్లు తీసేసి ఊరుకున్నాం. రిపోర్టులో ఈ సంగతి రాద్దామంటే మా గైడ్ వద్దన్నారు, మార్కులు పోతాయన్నారు. రిపోర్టు నమూనాలో ప్రయోజనాలకు ఒక అధ్యాయం, భవిష్యత్ విస్తరణకు ఒక అధ్యాయం ఉన్నాయి. వైఫల్యానికి ఒక్క పేజీ కూడా లేదు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రానే వచ్చింది. నేను ధైర్యంగా, "ఎస్‌క్యూలైట్ చిన్న డేటాబేస్ అండీ, లోడ్ తట్టుకోలేదు. మళ్లీ చేస్తే పోస్ట్‌గ్రెస్‌కు మారుస్తాను" అన్నాను. ఆయన కాగితం మీద లెక్క వేశారు. 240 మందీ చివరి పది నిమిషాల్లోనే నొక్కారనుకున్నా, రెండున్నర సెకన్లకు ఒక రాత. ఎస్‌క్యూలైట్ సెకనుకు పదుల రాతలు సులువుగా మోస్తుంది. "మరి ఎందుకు పడిపోయింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగం రాలేదు.

తర్వాత లాగ్‌లు తెరిచి చూస్తే, తప్పు మూడు లైన్లలో ఉంది.

```python
db.execute("INSERT INTO bookings ...")
send_sms(phone)
db.commit()
```

ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఇన్‌సర్ట్ మొదలైనప్పటి నుంచి కమిట్ అయ్యేదాకా తాళం ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మేం ఆ తాళం పట్టుకునే ఎస్ఎంఎస్ పంపుతున్నాం. ఎస్ఎంఎస్‌కు దాదాపు రెండు సెకన్లు. అంటే రెండు నిమిషాల్లో అరవై మందికి మించి పని జరగదు. ఆ సాయంత్రం చివరి రెండు నిమిషాల్లో దాదాపు తొంభై మంది నొక్కారు. వరుస పెరిగింది. పైథాన్‌లో మామూలుగా ఐదు సెకన్లు ఎదురుచూశాక ఎర్రర్ వస్తుంది, అదే కొందరికి వచ్చింది. ఇంకొందరికి ఎర్రర్ రాలేదు, జవాబూ రాలేదు. వాళ్లు ఓపిక పట్టక మళ్లీ నొక్కారు. మొదటి నొక్కూ పడింది, రెండోదీ పడింది. టేబుల్‌లో దాన్ని ఆపే నియమం ఏదీ లేదు.

కాబట్టి ఇవి రెండు వేర్వేరు తప్పులు. మొదటిదానికి ఆఖరి రెండు లైన్లను తారుమారు చేస్తే చాలు, ముందు కమిట్, తర్వాత ఎస్ఎంఎస్. రెండోదానికి ఒక విద్యార్థికి, ఒక తేదీకి, ఒక పూటకు ఒకే వరుస అని డేటాబేస్‌కే చెప్పాలి.

```sql
UNIQUE (student_id, meal_date, meal)
```

ఇన్‌సర్ట్ చివర `ON CONFLICT DO NOTHING` చేరిస్తే, ఎన్నిసార్లు నొక్కినా ఒకే ప్లేటు, ఒకే జవాబు. దీనికీ ఒక ఖర్చుంది. కమిట్ అయ్యాక ఎస్ఎంఎస్ విఫలమైతే ఆ విద్యార్థికి సందేశం రాదు. తెరమీద నమోదైందని కనిపిస్తుంది కాబట్టి మెస్ లెక్కకు అది సరిపోతుంది, డబ్బు లావాదేవీకి అయితే సరిపోదు. నేను ఘనంగా చెప్పిన పోస్ట్‌గ్రెస్ ఏం చేసేది? ఒకరి రాత కోసం ఇంకొకరు ఆగాల్సిన పని లేదు కాబట్టి తాళం ఎర్రర్ మాయమయ్యేది. నెమ్మదైన ఎస్ఎంఎస్ అలాగే ఉండేది, జనం మళ్లీ నొక్కేవాళ్లు, డూప్లికేట్లు అలాగే పడేవి. లక్షణం పోయి రోగం మిగిలేది.

డీప్ డైవ్ రౌండ్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది ఈ తేడానే. పెద్ద పేర్లున్న టెక్నాలజీ అక్కర్లేదు. ఏం కనిపించింది, కారణం ఏమిటని ముందు అనుకున్నారు, అది తప్పని దేనివల్ల తెలిసింది, సరిపోయే అతి చిన్న మార్పు ఏది, దానికి ఏం వదులుకున్నారు. ఇంతే. మెస్ యాప్ మీదైనా ఇది చెప్పొచ్చు.

అయితే ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్న పిల్లవాడికి ఈ సంగతి భోజనాల దగ్గరే తెలుస్తుంది. ఓటమిని దాచకుండా చెప్పమని అన్నో మామయ్యో రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పిస్తారు. మనకు కాలేజీయే దిక్కు. ఆ కాలేజీ నాలుగేళ్లూ వైఫల్యాన్ని దాచమనే నేర్పింది. అందుకే ముందుగా అధ్యాపకులను అడుగుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టులో "ఏం విఫలమైంది, ఎందుకు" అన్న అధ్యాయం తప్పనిసరి చేయండి, దానికి మార్కులివ్వండి. వైవాలో ఆ కాగితం మీది లెక్క మీరే వేయించండి. కొన్న ప్రాజెక్టు కూడా అక్కడే దొరికిపోతుంది, దానికి చెప్పుకోవడానికి ఓటమి ఉండదు కాబట్టి.

రెండో మాట కంపెనీలకు. రౌండ్ మంచిదైనంత మాత్రాన దాన్ని నడిపే తీరు మంచిదైపోదు. సురిందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో, తాము కలిసిన హెచ్ఆర్ మేనేజర్లు ప్రతిభ గురించి మాట్లాడుతూనే అభ్యర్థుల కుటుంబ నేపథ్యం గురించి కూడా అడుగుతారని నమోదు చేశారు. డీప్ డైవ్ రౌండ్ మొత్తం సంభాషణే కాబట్టి ఆ ప్రశ్న దూరడం ఇక్కడ ఇంకా తేలిక. తడబడని ఇంగ్లిష్‌ను లోతైన ఆలోచనగా పొరబడటం అంతకన్నా తేలిక. మార్కుల పట్టిక ముందే రాసుకుని, అందరినీ అవే ప్రశ్నలు అడగండి. బొమ్మ గీసి, తెలుగు కలిపి చెప్పినా వినండి. నాన్న ఏం చేస్తారన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు ఉండకూడదు.

విద్యార్థులకు ఒకే పని చెబుతాను. ప్రాజెక్టు మొదలైన రోజే ఒక నోట్‌బుక్ పెట్టండి. తప్పు జరిగిన ప్రతిసారీ తేదీ, తెరమీద కనిపించిన మాట, మీ మొదటి అనుమానం రాయండి. అనుమానం తప్పని తేలితే కొట్టేయకండి, కింద అసలు కారణం రాయండి. 247 ప్లేట్ల సంగతి ఆ రోజే అలా రాసుకుని ఉంటే, ఆ లెక్క నా ముందు ఇంకొకరు వేయాల్సిన అవసరం వచ్చేది కాదు.