లాభం లేని చోట విమోచన ఎక్కడి నుంచి?

విశాఖ ఉక్కుకు 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన ప్యాకేజీ 11,440 కోట్ల రూపాయలది. మాకవరపాలెం నుంచి కూర్మన్నపాలెం దాకా అందరి నోటా నానింది ఈ ఒక్క అంకే. దాని లోపల రెండు వేర్వేరు లెక్కలున్నాయి. 10,300 కోట్లు ఈక్విటీ. మిగతా 1,140 కోట్లు కొత్తగా వచ్చిన డబ్బు కాదు. అంతకుముందు ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ రుణాన్నే 7 శాతం నాన్ క్యుములేటివ్ ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు. పదేళ్ల తర్వాత వాటిని విమోచన చేయాలి, అంటే ఆ సొమ్ము ప్రభుత్వానికి తిరిగి చెల్లించి షేర్లు రద్దు చేయాలి. ఆ చెల్లింపు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు.

కంపెనీల చట్టం 2013లోని 55వ సెక్షన్ ఇందుకు రెండే దారులు చూపింది. ఒకటి, డివిడెండ్‌గా పంచడానికి వీలైన లాభం. రెండోది, ఈ పని కోసమే కొత్తగా జారీ చేసిన షేర్ల మీద వచ్చిన సొమ్ము. బ్యాంకులో అప్పు తెచ్చి నగదు సమకూర్చుకున్నా, పుస్తకాల్లో ఈ రెండింటిలో ఒకటి ఉండి తీరాలి. లాభం నుంచి చెల్లించినప్పుడు, రద్దయిన షేర్ల ముఖ విలువకు సమానమైన మొత్తాన్ని లాభాల ఖాతా నుంచి తీసి మూలధన విమోచన రిజర్వులో వేయాలి.

ఎందుకు? మాకవరపాలెంలో జీడిపప్పు కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఈక్విటీ 50 లక్షలు, ప్రిఫరెన్స్ షేర్లు 20 లక్షలు, పోగైన లాభం 30 లక్షలు, బ్యాంకులో నగదు 25 లక్షలు. అప్పిచ్చిన బ్యాంకు, సరుకు అరువిచ్చిన వ్యాపారి ధైర్యంగా ఉండేది 70 లక్షల మూలధనాన్ని చూసి. యజమానులు దాన్ని పంచుకుపోలేరు కాబట్టి. ఇప్పుడు కంపెనీ 20 లక్షల ప్రిఫరెన్స్ షేర్లను విమోచన చేసింది. రిజర్వు నియమం లేకపోతే మూలధనం 50 లక్షలకు దిగుతుంది, లాభం ఖాతాలో 30 లక్షలు అలాగే ఉంటాయి. నగదు దొరికినప్పుడల్లా ఆ 30 లక్షలనూ డివిడెండ్‌గా తీసుకుపోవచ్చు. నియమం ఉంది కనుక లాభం 10 లక్షలకు తగ్గింది, 20 లక్షలు రిజర్వులోకి చేరాయి. ఈక్విటీ 50, రిజర్వు 20, కలిపి మళ్లీ 70. రిజర్వును డివిడెండ్‌గా పంచకూడదు. పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్ల జారీకి వాడుకోవచ్చు. తగ్గించాలంటే వాటా మూలధనాన్ని తగ్గించినంత తతంగమూ జరగాలి.

నగదు సంగతి చూడండి. 25 లక్షల్లో 20 లక్షలు వెళ్లిపోయి బ్యాంకులో 5 లక్షలే మిగిలాయి. రిజర్వులో 20 లక్షలు ఉన్నాయని ఎక్కడా డబ్బు లేదు. అది లాభాన్ని బయటికి పోనివ్వకుండా పెట్టిన కట్టు మాత్రమే. విశాఖ ఉక్కు కథంతా ఈ తేడాలోనే ఉంది.

గతంలో విశాఖ ఉక్కును నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ వాటా మూలధనం 7,827 కోట్లు. ఇందులో ఈక్విటీ 4,890 కోట్లు, 7 శాతం ప్రిఫరెన్స్ షేర్లు 2,937 కోట్లు. సంస్థ 2002-03 నుంచి లాభాల బాట పట్టింది. ఆ తర్వాతి కాలంలో ఈ ప్రిఫరెన్స్ షేర్లను విడతలుగా విమోచన చేశారు. కొత్త ఈక్విటీ ఏమీ జారీ కాలేదు. కాబట్టి చట్టం ప్రకారం ఆ మొత్తమంతా లాభాల నుంచే పోవాలి, అంతే మొత్తం విమోచన రిజర్వులో చేరాలి. అలా 4,890కి 2,937 కలిసి లెక్క మళ్లీ 7,827 దగ్గరే నిలిచింది. చట్టానికి ఏ లోటూ రాలేదు.

లోటు వచ్చింది నగదుకు. ప్లాంటు 30 లక్షల టన్నుల సామర్థ్యం నుంచి 63 లక్షల టన్నులకు, ఆపైన 73 లక్షల టన్నులకు ఎదిగే పనిలో ఉంది. సొంత ఇనుప గనులు లేవు. విస్తరణ కోసం బ్యాంకుల దగ్గర అప్పులు పెరుగుతున్న దశాబ్దంలోనే దాదాపు 3 వేల కోట్ల నగదు ఢిల్లీకి వెళ్లింది. ఇచ్చిన సొమ్మును వెనక్కి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది, కాదనలేం. కానీ ఏకైక యజమాని ఆ సమయం ఎంచుకోవడం తప్పు నిర్ణయమని నా అభిప్రాయం. ఆ సొమ్ము ప్లాంటులో ఉండి ఉంటే విస్తరణకు అంతమేర అప్పు తగ్గేది, దాని మీద వడ్డీ భారమూ తగ్గేది.

తర్వాత నష్టాలు వచ్చాయి. 2022-23లో 2,859 కోట్లు, 2023-24లో 4,849 కోట్లు. 2024 మార్చి 31 నాటికి నికర విలువ మైనస్ 4,538 కోట్లకు పడిపోయింది. ఈక్విటీ, విమోచన రిజర్వు కలిసి 7,827 కోట్లు ఉండగా నికర విలువ సున్నాకు దిగువన 4,538 కోట్లకు చేరిందంటే, పోగైన నష్టం స్థూలంగా 12 వేల కోట్లు దాటిందన్నమాట. రిజర్వు యజమాని చేతిని ఆపగలదు, నష్టాన్ని ఆపలేదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 10,300 కోట్ల ఈక్విటీ వచ్చింది కదా, నష్టం తీరినట్టేనని అనుకుంటున్నారు. ఈక్విటీ మూలధనం వరుసలో చేరుతుంది. దానితో అప్పులు కట్టొచ్చు, బొగ్గు కొనొచ్చు, నికర విలువ మెరుగవుతుంది. లాభనష్టాల ఖాతాలో పేరుకున్న లోటు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు. వెనకటి నష్టాలను సర్దుబాటు చేయనిదే డివిడెండ్ ప్రకటించకూడదని 123వ సెక్షన్ చెబుతోంది. అంటే 55వ సెక్షన్ అడిగే ‘పంచదగిన లాభం’ పుట్టాలంటే ముందు ఆ 12 వేల కోట్లకు పైగా ఉన్న లోటు పూడాలి. ఆపైన మరో 1,140 కోట్లు మిగలాలి. 2035లోగా ఇది జరగాలంటే ఏటా సగటున 1,300 కోట్లకు పైగా లాభం రావాలి. 2021-22 మంచి సంవత్సరం. అప్పుడు వచ్చిందే 913 కోట్లు.

లాభం రాకపోతే రెండో దారి మిగులుతుంది. ప్రభుత్వం 1,140 కోట్ల కొత్త షేర్లు కొనాలి, అదే సొమ్మును విమోచన పేరుతో వెనక్కి పుచ్చుకోవాలి. ఇలా చేస్తే రిజర్వు అవసరం ఉండదు, ప్లాంటుకు దక్కేదీ ఉండదు. మూడోది వాయిదా. విలువలో నాలుగింట మూడు వంతుల వాటాదారుల సమ్మతితో, ట్రైబ్యునల్ ఆమోదంతో పాత ప్రిఫరెన్స్ షేర్ల స్థానంలో కొత్తవి ఇవ్వొచ్చు. వాటాదారు ప్రభుత్వమే కనుక తన సమ్మతి తానే ఇచ్చుకోవాలి.

నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో ఇచ్చిన సూత్రప్రాయ ఆమోదాన్ని మరచిపోకూడదు. రేపు ప్రైవేటు కొనుగోలుదారు వస్తే, ఈక్విటీ కన్నా ముందు తీర్చాల్సిన హక్కుగా ఈ 1,140 కోట్లు బేరంలోకి వస్తాయి. పదేళ్ల గడువున్న ఈ షేర్లు ఈరోజు ప్లాంటుకు ఊరటే. వడ్డీ పోయింది, లాభం లేని ఏడాది డివిడెండ్ బాకీ పేరుకోదు. అయినా సంస్థ మెడ మీద గడువు వేలాడుతూనే ఉంటుంది.

కేంద్రం ఈ 1,140 కోట్లను కూడా ఈక్విటీగా మార్చాలి. అది కుదరదంటే, పోగైన నష్టం పూడి, వర్కింగ్ క్యాపిటల్ సరిపడా చేతిలో ఉన్న తర్వాతే విమోచన చేస్తామని షేర్ల షరతుల్లో రాసి ఇవ్వాలి. షేర్ల గరిష్ఠ గడువును చట్టం 20 ఏళ్లుగా పెట్టింది కనుక అందుకు వెసులుబాటు ఉంది. కార్మిక సంఘాలు, ఉత్తరాంధ్ర ఎంపీలు ఈ ఒక్క షరతు కోసం ఇప్పుడే పట్టుబట్టాలి.